చిన్న వ్యాపారుల ఇన్వాయిస్ పాఠాలు – 6: టెక్సాస్‌లో పన్ను లేని బిల్లుకు ముందు అడగాల్సిన కాగితం

ఈ వారం సేల్స్ ట్యాక్స్ రిటర్న్ మొదలుపెడదామనుకున్నాను, కానీ మీరు పంపిన ప్రాక్టీసు బిల్లులు చూశాక దాన్ని వాయిదా వేస్తున్నాను. పోయినసారి "సర్టిఫికెట్ తీసుకుని పన్ను తీసేయండి" అన్న వాక్యం దగ్గరే చాలామంది తడబడ్డారు. కూడికలు, శాతాలు అన్నీ సరిగ్గానే వేశారు. జతచేసిన కాగితాలే తప్పు. ఒకరు కస్టమర్ ఇచ్చిన డబ్ల్యూ-9 పెట్టారు. ఒకరు ఐఆర్ఎస్ ఇచ్చిన ఈఐఎన్, అంటే వ్యాపారానికి ఫెడరల్ ట్యాక్స్ నంబర్ ఉత్తరం పెట్టారు. ఎక్కువమంది షాపు గోడకు తగిలించిన సేల్స్ ట్యాక్స్ పర్మిట్‌ను ఫోన్‌తో ఫోటో తీసి పెట్టారు. ఇవేవీ పనికిరావు.

టెక్సాస్‌లో అమ్మిన ప్రతి వస్తువుకూ పన్ను ఉందన్నట్టే చట్టం చూస్తుంది. లేదని చూపించాల్సిన భారం అమ్మినవాడిది. రాష్ట్రం పన్ను 6.25 శాతం, ఊరు, ట్రాన్సిట్ లాంటివి కలిపి పైన గరిష్ఠంగా 2 శాతం. మన ఉదాహరణలన్నింటికీ 8.25 వేస్తున్నాం. ఆ భారం మన మీదనుంచి దించే కాగితం పేరు ఫారం 01-339. టెక్సాస్‌లో సేల్స్ ట్యాక్స్ చూసే అధికారి కంప్ట్రోలర్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దానికి రెండు పక్కలున్నాయి. ముందు పక్క రీసేల్ సర్టిఫికెట్, అంటే కొన్న సరుకును తిరిగి అమ్ముకునేవాళ్లకు. వెనక పక్క ఎగ్జెంప్షన్ సర్టిఫికేషన్, అంటే మరే కారణంతోనైనా మినహాయింపు ఉన్నవాళ్లకు. మన కస్టమర్లలో నూటికి తొంభైమంది దుకాణదారులే కాబట్టి ముందు పక్క మీదే నడుద్దాం.

ఫారం నింపడం పెద్ద విద్యేమీ కాదు, వరుసగా చెప్పను. పర్మిట్ ఫోటో సంగతి మాత్రం వదలను, ఎందుకంటే అందరూ పడుతున్న గుంట అదే.

పర్మిట్ చెప్పేది ఒక్కటే: ఈ షాపు పన్ను వసూలు చేసి అమ్ముకోవచ్చు. మీ దగ్గర ఇవాళ కొన్న పన్నెండు ఇత్తడి దీపాలు అమ్మకానికా, యజమాని ఇంటి పూజగదికా అన్నది పర్మిట్‌కు తెలియదు. ఆ మాట చెప్పాల్సింది కొనుగోలుదారు, అదీ సంతకం పెట్టి. సర్టిఫికెట్‌లో అతను రాసేది అదే: ఫలానా సరుకు నా వ్యాపారంలో తిరిగి అమ్మడానికి కొంటున్నాను, సొంతానికి వాడుకుంటే ఆ పన్ను నేనే కడతాను. తెలిసి తప్పు సర్టిఫికెట్ ఇస్తే క్రిమినల్ నేరమని కూడా ఆ ఫారం మీదే అచ్చయి ఉంది. ఈ మాట లేని కాగితం ఎంత ముద్రలున్నదైనా మిమ్మల్ని కాపాడదు. ఆడిటర్ వచ్చి పన్ను లేని బిల్లు పక్కన పర్మిట్ ఫోటో చూస్తే, ఆ బిల్లును సర్టిఫికెట్ లేని అమ్మకంగానే లెక్కేస్తాడు. అప్పుడు ఆ 8.25 శాతం, దాని మీద పెనాల్టీ, వడ్డీ మీ జేబులోంచి పోతాయి. ఆ షాపు అప్పటికి చేతులు మారి ఉంటే అడగడానికి మనిషి కూడా ఉండడు.

పర్మిట్ నంబర్ అక్కర్లేదని మాత్రం అనడం లేదు. రీసేల్ సర్టిఫికెట్ మీద ఆ నంబర్ ఉండి తీరాలి, పదకొండు అంకెలుంటాయి. ఈఐఎన్ తొమ్మిది అంకెలు. కాబట్టి నంబర్ గడిలో తొమ్మిదే కనిపిస్తే వెంటనే వెనక్కి పంపండి. ఓక్లహోమా నుంచి వ్యాన్ వేసుకొచ్చి సరుకు ఎత్తుకెళ్లే షాపువాళ్లకు టెక్సాస్ పర్మిట్ ఉండదు. వాళ్లు తమ రాష్ట్రంలోని రిజిస్ట్రేషన్ నంబర్ రాయవచ్చు, ఆ గడి అందుకు కూడా ఉంది.

వెనక పక్క సంగతి సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది. అక్కడ నంబర్ గడే లేదు. టెక్సాస్‌లో ట్యాక్స్ ఎగ్జెంప్ట్ నంబర్ అనేదే లేదని ఫారం మీద స్పష్టంగా రాశారు. "మా ఎగ్జెంప్ట్ నంబర్ ఇదిగో" అని ఎవరైనా ఫోన్లో చదివి వినిపిస్తే అది ఈఐఎనో, మరొకటో అయి ఉంటుంది. గుడి కమిటీ వాళ్లు ఐఆర్ఎస్ ఇచ్చిన 501(సి)(3) ఉత్తరం తెస్తారు. ఆదాయపు పన్నుకు అది చాలు గానీ, ఆ ఒక్క ఉత్తరంతో టెక్సాస్ సేల్స్ ట్యాక్స్ పోదు. సంస్థ కంప్ట్రోలర్ దగ్గర విడిగా దరఖాస్తు చేసి మినహాయింపు పొంది ఉండాలి. వచ్చిందో లేదో కంప్ట్రోలర్ సైట్‌లో సంస్థ పేరుతో వెతికితే తెలిసిపోతుంది. దీనికింతే.

ఇప్పుడు ఒక బిల్లు మొదటినుంచి చివరిదాకా వేద్దాం. మీరు డాలస్ దగ్గర స్టీలు, ఇత్తడి సామాను హోల్‌సేల్‌గా అమ్ముతున్నారనుకోండి. ఒక ఇండియన్ గ్రోసరీ ఆర్డర్ పెట్టింది. షెల్ఫులో పెట్టడానికి కంచాలు, గ్లాసులు, పోపు డబ్బాలు కలిపి 1,800 డాలర్లు. అదే ఆర్డర్లో, షాపు వెనకున్న వంటగదికి రెండు పెద్ద డేగిసాలు, గరిటెలు 640 డాలర్లు. ఆర్డర్ చెప్పిన మనిషి "మాకు ట్యాక్స్ లేదు కదా, తీసేయండి" అన్నాడు.

ఇక్కడ నా పద్ధతి చెబుతాను. ఇన్వాయిస్ వేయను. ముందు ఎస్టిమేట్ పంపుతాను, మొత్తం 2,440 మీద పన్ను 201.30 వేసి. దానితోపాటే ఖాళీ ఫారం, ఈ మెసేజ్:

"నమస్తే అన్నా, ఆర్డర్ రెడీ చేస్తున్నాం. ఎస్టిమేట్‌లో ప్రస్తుతానికి ట్యాక్స్ వేశాను. షాపులో అమ్మకానికి తీసుకునే ఐటమ్స్‌కి ట్యాక్స్ తీసేయాలంటే ఈ రీసేల్ సర్టిఫికెట్ నింపి, సంతకం పెట్టి పంపండి. మా కంపెనీ పేరు, అడ్రస్ నేనే నింపాను. పర్మిట్ మీద ఉన్న పేరే రాయండి, బోర్డు మీద పేరు కాదు. కిచెన్‌కి తీసుకునే వాటికి ట్యాక్స్ ఉంటుంది, అది తీయడానికి నాకు వీలుండదు. గురువారం సరుకు పంపేలోపు వస్తే బిల్లు మార్చి పంపుతాను."

పన్ను వేసిన ఎస్టిమేట్ ఎందుకంటే, రెండొందల డాలర్లు కళ్లముందు కనబడితే సర్టిఫికెట్ అదేరోజు వస్తుంది. పన్ను తీసేసిన బిల్లు చేతిలో పడ్డాక మీ ఫారం నింపే తీరిక ఎవరికీ ఉండదు. "ముందు" అని పదేపదే అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. అమ్మకం సమయానికి సరైన సర్టిఫికెట్‌ను సదుద్దేశంతో తీసుకున్న అమ్మకందారుకే చట్టం రక్షణ ఇస్తుంది. ఆడిట్ మొదలయ్యాక పరుగెత్తి తెచ్చిన కాగితాన్ని అధికారులు అలాగే ఒప్పుకోరు, ఆ సరుకు నిజంగా తిరిగి అమ్ముడయిందా అని విడిగా ఆరా తీయవచ్చు.

ఫారం వచ్చాక మూడు చోట్ల చూడండి. కంప్ట్రోలర్ సైట్‌లో సేల్స్ ట్యాక్స్‌పేయర్ సెర్చ్ తెరిచి నంబర్ కొట్టండి. పర్మిట్ చెల్లుబాటులో ఉందా, పేరు ఫారం మీది పేరుతో కలుస్తోందా చూసి, ఆ పేజీని తేదీతో సేవ్ చేయండి. తర్వాత వస్తువుల వివరం. అందులో "స్టీల్ పాత్రలు, వంటసామాను" అని ఉంటే బాగుంది. ఆ లైన్ మాత్రం మీరు నింపకండి. ఏమి కొంటున్నాడో, ఎందుకో అతని మాటగా ఉండాలి. దాని కింద వాళ్లు మామూలుగా అమ్మే సరుకేమిటో రాసే లైను ఉంటుంది, ఈ రెండూ పొసగాలి. గ్రోసరీ షాపు కంచాలు అమ్ముతుందంటే ఎవరైనా నమ్ముతారు. జుట్టు కత్తిరించే సెలూన్ నలభై డేగిసాలు రీసేల్‌కు కొంటున్నానంటే, కాగితం ఎంత శుభ్రంగా ఉన్నా మీరు ఆగి అడగాలి. అబద్ధమని తెలిసి తీసుకున్న సర్టిఫికెట్ మిమ్మల్నీ కాపాడదు. చివరగా సంతకం, తేదీ. తేదీ లేని ఫారాలు చాలా వస్తాయి.

మన గ్రోసరీ ఫారం బుధవారం సాయంత్రం వచ్చింది, నంబర్ సరిపోయింది. ఇప్పుడు ఇన్వాయిస్: అమ్మకం సరుకు 1,800, పన్ను లేదు. వంటగది సామాను 640, దాని మీద 8.25 శాతం, 52.80. మొత్తం 2,492.80. సర్టిఫికెట్ చేతిలో ఉంది కదా అని 640 మీద కూడా తీసేస్తే అది తప్పు, ఎందుకంటే అవి అమ్మకానికి కాదని ఆర్డర్లోనే అతను మీకు చెప్పాడు.

సాఫ్ట్‌వేర్‌లో కస్టమర్ పేజీ మీద ట్యాక్స్ ఎగ్జెంప్ట్ అని టిక్ పెట్టే వీలుంటుంది. నేనైతే దాన్ని ముట్టను. అది పెడితే ఆ కస్టమర్ ప్రతి బిల్లులో ప్రతి లైనుకూ పన్ను పోతుంది, డేగిసాలతో సహా. లైను లైనుకూ విడిగా మార్చడం కొంచెం విసుగే, అయినా అదే చేయండి. ఇన్వాయిస్ కింద "రీసేల్ సర్టిఫికెట్ ఫైల్‌లో ఉంది" అని తేదీతో రాయండి.

గురువారానికి ఫారం రాకపోతే? మొత్తం మీద పన్ను వేసి బిల్లు పంపండి, మొహమాటం వద్దు. తర్వాత సరైన సర్టిఫికెట్ వచ్చాక ఆ పన్ను అతనికి తిరిగి ఇచ్చేసి, మీ రిటర్న్‌లో సర్దుకోవచ్చు. ముందు అతనికి తిరిగివ్వాలి, ఆ తర్వాతే మీరు క్రెడిట్ తీసుకోవాలి.

వారం వారం కొనే షాపు నుంచి ప్రతిసారీ కొత్త ఫారం అక్కర్లేదు. ఒకే రకం సరుకుకు ఒకసారి ఇచ్చిన సర్టిఫికెట్ తర్వాతి కొనుగోళ్లకూ నడుస్తుంది. దాన్ని కనీసం నాలుగేళ్లు దాచాలి. నేను ఆ నాలుగేళ్లను సర్టిఫికెట్ తేదీ నుంచి కాక, దాని మీద వేసిన చివరి బిల్లు నుంచి లెక్కపెడతాను. షాపు చేతులు మారితే మాత్రం పాత కాగితం పోయినట్టే. పర్మిట్ ఒకరి నుంచి ఇంకొకరికి బదిలీ కాదు, కొత్త యజమాని కొత్తది తీసుకోవాలి. బోర్డు అదే, కౌంటర్లో మనిషి అదే, చెక్కు మీద ఎల్ఎల్‌సీ పేరు మాత్రం మారిందంటే ఆరోజే కొత్త సర్టిఫికెట్ అడగండి. మన గ్రోసరీల్లో పార్ట్‌నర్లు విడిపోయి పేరు మార్చుకోవడం మామూలే కాబట్టి చెక్కు మీద పేరు చదవడం అలవాటు చేసుకోండి.

ప్రాక్టీసు ఈసారి కాస్త బరువు. పోయిన ఏడాది మీరు వేసిన బిల్లుల్లో పన్ను సున్నా ఉన్నవాటన్నింటినీ ఒక షీట్‌లోకి దించండి. ఒక్కో దాని పక్కన సర్టిఫికెట్ తేదీ, పర్మిట్ నంబర్, ఆ నంబర్ ఇవాళ వెతికితే కనిపించే పేరు, చెక్కు లేదా కార్డు మీద ఉన్న పేరు రాయండి. సర్టిఫికెట్ తేదీ బిల్లు తేదీ కంటే తర్వాతది అయితే ఆ వరుసకు ఎర్రరంగు వేయండి, అసలు సర్టిఫికెట్టే లేకపోతే కూడా అంతే. ఎర్ర వరుసల మొత్తాన్ని 8.25 శాతంతో గుణించి కింద రాయండి. ఆ తర్వాత పైన రాసిన మెసేజ్‌ను మీ మాటల్లోకి మార్చి, ఎర్ర వరుసల్లోని ప్రతి కస్టమర్‌కూ పంపండి. వచ్చే వారం రిటర్న్ పాఠం ఆ షీట్‌తోనే మొదలవుతుంది.