కట్టుడు పళ్లు ఎలా కడగాలి, రాత్రి ఎలా నానబెట్టాలి, అంగిలి ఎర్రబడితే ఏం చేయాలి?

పళ్ల సెట్టు కడగడానికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. మెత్తటి బ్రష్ ఒకటి, గిన్నెలు తోమే లిక్విడ్ లేదా చేతులు కడుక్కునే మామూలు సబ్బు, మూత ఉన్న తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంటే చాలు. డబ్బా తెల్లదే ఎందుకంటే అడుగున జిగురు పేరుకుంటే వెంటనే కనిపిస్తుంది. రంగు డబ్బా, స్టీలు గ్లాసు వద్దు.

సింకులో సగం నీళ్లు నింపండి, లేదా అడుగున తువ్వాలు పరవండి. కడిగేటప్పుడు సెట్టు చేయి జారినా పగలదు. బ్రష్ మీద రెండు చుక్కల లిక్విడ్ వేసి అన్ని వైపులా రుద్ది, చల్లటి నీళ్లతో కడిగేయండి. భోజనం అయ్యాక ప్రతిసారీ నీళ్లతో పుక్కిలించి, సెట్టు కూడా ఒకసారి కడగాలి. పూర్తిగా తోమడం రోజుకు ఒకసారైనా తప్పనిసరి. పళ్లు అతుక్కోవడానికి క్రీమ్ వాడేవాళ్లు పాత క్రీమ్ పూర్తిగా పోయేదాకా తోమాలి.

టూత్‌పేస్ట్, పళ్లపొడి, బొగ్గు, బూడిద, ఉప్పు వాడొద్దు. సొంత పన్ను మీద గట్టి ఎనామెల్ ఉంటుంది, సెట్టు తయారుచేసే యాక్రిలిక్ ప్లాస్టిక్ దాని ముందు మెత్తన. గరుకు పొడితో రుద్దితే మన కంటికి కనపడని గీతలు పడతాయి. పళ్లు తెల్లగా మెరుస్తున్నాయని సంతోషపడేలోపు ఆ గీతల్లో పాచి ఇల్లు కట్టుకుంటుంది. మరిగే నీళ్లలో వేస్తే క్రిములు చస్తాయన్నది ఇంకో నమ్మకం. క్రిముల సంగతి ఎలా ఉన్నా సెట్టు వంగిపోతుంది, వంగితే మళ్లీ నోటికి సరిపోదు.

చాలామంది వదిలేసే చోటు ఒకటుంది. ముందు పళ్లను అద్దంలో చూసుకుంటూ తోముతారు, అంగిలికి ఆనే లోపలి వైపును మాత్రం పట్టించుకోరు. మా క్లినిక్‌లో సెట్టు చేతికివ్వగానే నేను మొదట చూసేది ఆ వైపే. వేలితో రాస్తే జారుతోందంటే అది పాచి, ఎంత తెల్లగా ఉన్నా సెట్టు కడగనట్టే లెక్క.

అసలు కష్టం రాత్రి

పడుకునేటప్పుడు సెట్టు తీసేయాలి. ఇది సలహా కాదు, నియమం. ఎందుకో తెలియాలంటే ఫంగస్ ఎలా పెరుగుతుందో తెలియాలి.

కాండిడా అనే ఫంగస్ చాలామంది నోళ్లలో ఏ గొడవా చేయకుండా ఉంటుంది. లాలాజలం దాన్ని ఎప్పటికప్పుడు కడిగేస్తుంది. పై సెట్టు అంగిలికి గట్టిగా అతుక్కుంటుంది కాబట్టి ఆ సందులోకి లాలాజలం చేరదు, గాలీ ఆడదు, లోపల వెచ్చగా ఉంటుంది. పైగా నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. యాక్రిలిక్‌లోని సన్నటి రంధ్రాల్లో ఫంగస్ పట్టుకుని, బ్యాక్టీరియాతో కలిసి పాచిగా గట్టిపడుతుంది. సెట్టు వదులైతే చర్మం ఒరుసుకుని ఇంకా తేలిగ్గా లొంగిపోతుంది. కింది సెట్టు అంత గట్టిగా అతుక్కోదు కాబట్టి ఈ బాధ ఎక్కువగా పైదానికే వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు, నోరెండిపోయేవాళ్లు, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చి నోరు పుక్కిలించనివాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

దీన్ని డెంచర్ స్టొమటైటిస్ అంటారు. చిక్కేమిటంటే చాలామందికి నొప్పి గానీ మంట గానీ ఉండదు. సెట్టు తీసి టార్చ్ వేసి చూడండి. మొదట్లో ఎర్రటి చుక్కలుంటాయి, తర్వాత అంగిలంతా ఎర్రగా అవుతుంది, ముదిరితే గరుకుగా బుడిపెలు వస్తాయి. ఎరుపు సరిగ్గా సెట్టు అంచు దాకా ఉండి అక్కడ ఆగిపోయిందంటే దాదాపు ఇదే. పెదవి మూలలు చీలడం కూడా తరచూ దీనితోపాటే వస్తుంది.

ఒక మామ్మగారి సంగతి చెప్తాను. షుగర్ ఉంది, సెట్టు పాతది. పెదవి మూలలు చీలితే వేడి చేసిందని మజ్జిగ తాగారు, తగ్గకపోతే బి-కాంప్లెక్స్ మింగారు. తర్వాత ఎవరో ఫంగస్ మందు రాసిస్తే వాడారు, తగ్గింది, కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. సెట్టు తీయించి చూస్తే అంగిలి మీద సరిగ్గా సెట్టు ఆకారంలో ఎరుపు. "మందు ఎలా వేసుకుంటున్నారు మామ్మగారూ?" అని అడిగితే, "పళ్లు పెట్టుకునే నోట్లో పోసుకుంటున్నానమ్మా" అన్నారు. మందు అంగిలికి తగలనే లేదు. రాత్రి ఎందుకు తీయరంటే, "బోసినోటితో తాతగారి ఎదుట ఎలా పడుకోను?" అన్నారు. అది సిగ్గు, మందు దానికి పని చేయదు. లైటు తీసేశాక తీయండి, తాతగారికి తెలియదు అన్నాను.

అక్కడినుంచి ఏం చేశామంటే, డాక్టర్ రాసిన చుక్కలు సెట్టు తీసిన తర్వాతే వేసుకున్నారు, కాసేపు నోట్లో తిప్పి ఉంచారు. ఎరుపు తగ్గినట్టు కనిపించినా కోర్సు మధ్యలో ఆపలేదు. అదే సమయంలో సెట్టు కూడా శుద్ధి చేశాం, రాత్రిపూట తీయించాం. నోటికి మందు వేసి సెట్టును వదిలేస్తే ఫంగస్ తిరిగి సెట్టు నుంచే నోట్లోకి వస్తుంది, ఆమెకు అంతకుముందు జరిగింది అదే. రక్తం పలుచబడే వార్ఫరిన్ వాడేవాళ్లు మాత్రం ఫంగస్ మందు మొదలుపెట్టే ముందు డాక్టరుకు తప్పక చెప్పాలి. కొన్ని జెల్‌లు, మాత్రలు దానితో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

ఫంగస్ ఒక్కటే కాదు. జపాన్‌లో 85 ఏళ్లు, ఆ పైబడిన 524 మందిని గమనించిన అధ్యయనం 2015లో వచ్చింది. రాత్రి పళ్లతో పడుకునేవాళ్లకు న్యుమోనియా ముప్పు రెండింతలకు పైగా కనిపించింది.

నానబెట్టడం

తోమిన తర్వాతే నానబెట్టాలి. పాచి మీద మందు పోసినా కింది పొరకు దిగదు. సెట్టు పూర్తిగా మునిగేలా మామూలు నీళ్లు పోసి మూత పెట్టండి, ఎండితే యాక్రిలిక్ ఆకారం మారుతుంది. నీళ్లు రోజూ మార్చాలి, డబ్బానూ సబ్బుతో కడగాలి. నిన్నటి నీళ్లలోనే వేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బుడగలు వచ్చే మాత్రలు వాడాలనుకుంటే వాడుకోండి, కవర్ మీద రాసినంతసేపే ఉంచి బాగా కడగండి, ఆ నీళ్లు నోట్లోకి పోకూడదు. నా వరకైతే సబ్బు, బ్రష్ చేసే పనిని ఏ మాత్రా చేయదు.

ఫంగస్ పట్టిన సెట్టుకు బ్లీచ్ వాడొచ్చు, అదీ డాక్టరును అడిగి. వాసన, రంగు కలపని మామూలు ద్రవ బ్లీచ్ ఒక భాగానికి తొమ్మిది భాగాల నీళ్లు కలిపి, 10 నిమిషాలకు మించకుండా ఉంచండి. ఎక్కువసేపైతే యాక్రిలిక్ రంగు వెలిసిపోతుంది. తీశాక చాలాసేపు కడగాలి, వాసన పోయేదాకా నోట్లో పెట్టొద్దు. లోహపు కొక్కేలు ఉన్నవాటికీ, లోపల మెత్తటి పొర వేసినవాటికీ బ్లీచ్ వద్దు. బ్లీచింగ్ పౌడర్‌ను నీళ్లలో కలిపి వాడేయకండి, అది వేరే రసాయనం. బ్లీచ్‌లో వెనిగర్ గానీ బాత్రూమ్ యాసిడ్ గానీ కలిపితే విషవాయువు వస్తుంది.

కిళ్లీ, టీ మరకలతో గార గట్టిపడితే కత్తితో గీకకండి, క్లినిక్‌లో తీయించుకోండి.

పొద్దున సెట్టు పెట్టుకునే ముందు తడి మెత్తటి గుడ్డతో చిగుళ్లు, అంగిలి, నాలుక తుడవండి. రెండు వారాలు ఇలా చేసినా ఎరుపు తగ్గకపోతే సెట్టు వదులైందేమో చూపించుకోండి. దవడ ఎముక ఏళ్లు గడిచేకొద్దీ అరుగుతుంది, పాత సెట్టుకు లోపల పొర వేయించాల్సి రావచ్చు. రుద్దినా పోని తెల్లమచ్చ గానీ రెండు వారాలు దాటినా మానని పుండు గానీ ఉంటే ఫంగస్ అనుకుని కూర్చోకుండా వెంటనే డెంటిస్ట్ దగ్గరకు వెళ్లండి.