కొత్తగా వచ్చినవాళ్లు ఏ ఇంగ్లిష్ సిరీస్ చూడాలి, ఎట్ల చూడాలి

దేవరకొండలోనో వనపర్తిలోనో డిగ్రీ చేసి, ఐఈఎల్‌టీఎస్‌లో మంచి స్కోరు తెచ్చుకుని విమానమెక్కినవాళ్లకు కూడా మొదటి నెలలో ఒకటే బాధ. షాపులో కౌంటర్ దగ్గర అమ్మాయి ఆరు మాటలంటే రెండే చెవిన పడతాయి. వెంటనే రూమ్‌మేట్ సలహా ఇస్తాడు: "ఇంగ్లిష్ సిరీస్‌లు చూడు రా, అదే వస్తది." సలహాలో తప్పు లేదు. ఏది చూడాలో, ఎట్ల చూడాలో చెప్పకపోవడమే తప్పు. అందరూ గొప్పగా చెప్పుకునే పెద్ద సిరీస్ ఏదో పెట్టుకుని, కింద తెలుగు సబ్‌టైటిల్స్ వేసుకుని, రెండు సీజన్లు అవగొట్టి, "చూస్తనే ఉన్న అన్నా, ఏం ఫరక్ పడ్తలేదు" అంటారు. రెండు సీజన్లూ పని చేసింది కళ్లు. చెవికి ఫరక్ ఎక్కడి నుంచి పడాలె?

ఏ యాప్ తీసుకోవాలి, ఎంత కట్టాలి అన్నవి మీకు చెప్పాల్సిన పని లేదు. ఒక్కటి మాత్రం చూసుకోండి. కొన్ని సిరీస్‌లకు తెలుగు, హిందీ డబ్బింగ్‌లు ఉంటాయి, ఫోన్ భాషను బట్టి అవే ముందు మోగొచ్చు. ఆడియో ఒరిజినల్ ఇంగ్లిష్‌లో ఉందో లేదో చూసి మొదలుపెట్టండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ల్యాప్‌టాప్ స్పీకర్‌లో 'స', 'ఫ', 'థ' లాంటి సన్నని శబ్దాలు సరిగా వినబడకపోవచ్చు, ఆ లోపాన్ని మీరు మీ చెవి మీద వేసుకుంటారు.

అర్థం కాలేదు అనే మాట కింద రెండు వేరువేరు రోగాలున్నాయి. ఒకటి, ఆ పదమే తెలియకపోవడం. రెండు, తెలిసిన పదమే చెవిన పడకపోవడం. ఏ సిరీస్ ఎంచుకోవాలన్నది మీకు ఏ రోగం ఉందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. తేల్చుకోవడానికి మూడు నిమిషాలు చాలు. ఎపిసోడ్ మధ్యలో, పాటగానీ పరుగులుగానీ లేకుండా మనుషులు నిలబడి మాట్లాడుకునే మూడు నిమిషాలు పట్టండి. మొదట సబ్‌టైటిల్స్ లేకుండా వినండి. తర్వాత అదే ముక్కను ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూడండి. తెలుగుతో కాదు, ఇంగ్లిష్‌తో.

సబ్‌టైటిల్ చదవగానే "అరె, ఇదేనా అన్నది!" అనిపించిందా? అయితే ఆ సిరీస్ మీ కోసమే. మాటలన్నీ మీకు తెలిసినవే, వాటి చప్పుడు మాత్రం తెలియదు. చదివినా అర్థం కాక ప్రతి వరుసలో ఆగిపోతున్నారా? అది మీ స్థాయికి బరువు, ఎవరు ఎంత పొగిడినా పక్కన పెట్టండి. సబ్‌టైటిల్ లేకుండానే దాదాపు అంతా తెలిసిపోయిందా? సరదాకు చూసుకోండి, చెవి పెరగడానికి మాత్రం అది పనికిరాదు.

మనవాళ్లలో ఎక్కువమందిది రెండో రోగమే. 2009లో స్టువర్ట్ వెబ్, మైఖేల్ రాడ్జర్స్ అనే ఇద్దరు పరిశోధకులు టీవీ కార్యక్రమాల్లోని మాటలను లెక్కగట్టారు. ఇంగ్లిష్‌లో బాగా వాడుకలో ఉన్న 3,000 పద కుటుంబాలు, వాటితోపాటు మనుషుల పేర్లు, ఊర్ల పేర్లు తెలిస్తే ఆ మాటల్లో దాదాపు 95 శాతం తెలిసినట్టే అని తేల్చారు. పద కుటుంబం అంటే ఒక పదం, దాని రూపాలు అన్నీ కలిపి ఒకటి. ఇంగ్లిష్‌లో డిగ్రీ పరీక్షలు రాసినవాళ్లకు ఈ సంపదలో చాలా భాగం కాగితం మీద ఉండనే ఉంది. కాగితం మీది నుంచి చెవిలోకి దిగలేదు, అంతే.

ఎందుకు దిగలేదో ఒక వాక్యంతో చూద్దాం. పుస్తకంలో "వాట్ డూ యూ వాంట్ టు గెట్ హిమ్?" అని ఏడు పదాలుంటాయి. అమెరికాలోనో కెనడాలోనో నోట్లోంచి వచ్చేది "వడయ వాన గెడిమ్?" బరువు పడని 'డూ యూ' నలిగిపోయి 'డయ' అయింది. రెండు అచ్చుల మధ్య పడ్డ 'ట' 'డ'లాగా మారింది. 'హిమ్'లో 'హ' ఎగిరిపోయింది. మనం మాత్రం ఏడు పదాల కోసం చెవి పెట్టుకుని కూర్చుంటాం. "ఎక్కడికి పోతున్నావు" అని బడిలో నేర్చుకున్న పరాయి మనిషి నల్లగొండ బస్టాండ్‌లో "యాడికి వోతున్నవ్‌రా" వింటే ఎట్లుంటదో, మనకు అక్కడ అట్లుంటది.

ఇంకొకటి, ఉద్యోగంలో నిజంగా దెబ్బ కొట్టేది. అమెరికన్ మాటలో 'కెన్' అన్నది వాక్యం మధ్యలో నలిగి 'కన్' అయిపోతుంది. 'కాంట్'లో అచ్చు నిండుగా 'క్యాన్' అని వినబడుతుంది, చివరి 'ట' మాత్రం సరిగా వినబడదు. మనం 'ట' కోసం వెతుకుతాం, అది దొరకదు, "వస్తా అన్నడు" అనుకుంటాం. ఆయన రాలేనన్నాడు. 'ట' కోసం చూడకండి, అచ్చు పొడుగు చూడండి. నిండుగా పలికితే చాలాసార్లు కాదనే.

ఈ నలిగిన మాటలు పట్టాలంటే అవే మనుషుల నోట మళ్లీ మళ్లీ వినాలి. అందుకని ఎంచుకునే సిరీస్‌లో నలుగురైదుగురు మనుషులు, ఒక ఇల్లో దుకాణమో, ఇరవై ఇరవై అయిదు నిమిషాల ఎపిసోడ్లు, ఈ కాలపు మాటలు ఉండాలి. మాట్లాడే విషయం కంటి ముందు కనబడాలి. నేర పరిశోధనల్లో సగం మాటలు చీకట్లో గొణుగుళ్లు, మిగతా సగం మీద సంగీతం. లాయర్ల సిరీస్‌లో నేర్చుకున్న మాట అద్దె ఇంటి ఓనర్ దగ్గర పనికిరాదు. రాజులు, డ్రాగన్ల కథల ఇంగ్లిష్ అయితే అక్కడివాళ్లే బయట మాట్లాడరు. 'పీకీ బ్లైండర్స్' బర్మింగ్‌హామ్ యాస సాటి ఇంగ్లిష్‌వాళ్లకే ఒక్కోసారి అందదు. దాంతో మొదలుపెట్టి "నాకు ఇంగ్లిష్ రాదు" అని తేల్చుకోవడం ఏం తెలివి తమ్ముడూ?

'ఫ్రెండ్స్' పేరు అందరూ చెప్తారు. 1994 నుంచి 2004 దాకా పది సీజన్లు. నవ్వు వచ్చినప్పుడల్లా నటులు ఆగుతారు కాబట్టి చెవికి ఊపిరి దొరుకుతుంది. కానీ జోకుల్లో చాలావాటికి ఆనాటి అమెరికా సంగతులు తెలియాలి. మాట తెలిసినా నవ్వు రాకపోతే కంగారు పడొద్దు, అది చెవి తప్పు కాదు.

కొత్తవాళ్లకు ముందుగా చెప్పదగ్గది 'కిమ్స్ కన్వీనియన్స్'. కెనడా సిరీస్, 2016 నుంచి 2021 దాకా అయిదు సీజన్లు. టొరంటోలో చిన్న దుకాణం నడిపే కొరియన్ కుటుంబం కథ. దీంట్లో ఒక సౌకర్యం ఉంది, వేరేచోట దొరకడం కష్టం. తల్లిదండ్రులు కొరియన్ యాసతో, చిన్న వాక్యాల్లో, మాటలు విడివిడిగా పలుకుతారు. అక్కడే పెరిగిన కొడుకు జంగ్, కూతురు జానెట్ అసలు కెనడా వేగంతో మాట్లాడతారు. ఒకే ఎపిసోడ్‌లో రెండు మెట్లున్నట్టు. తండ్రి కౌంటర్ వెనక ఉన్న సీన్లతో మొదలుపెట్టండి. గిరాకీ వస్తాడు, ఏదో అడుగుతాడు, బేరమో గొడవో జరుగుతుంది, వస్తువు కళ్ల ముందే ఉంటుంది. అవి తేలికగా అందుతున్నాయంటే జానెట్ తల్లితో వాదించే సీన్లకు పోండి. జంగ్ కార్లు అద్దెకిచ్చే చోట పనివాళ్లతో మాట్లాడే సీన్లు చివరికి పెట్టుకోండి, అక్కడ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడతారు. ఒక జాగ్రత్త: తండ్రి మాటలు వినడానికే, అనడానికి కాదు. ఆయన వ్యాకరణం పట్టుకుని ఇంటర్వ్యూకు పోవద్దు.

రోజుకు అయిదు నిమిషాల ముక్క చాలు. మొదటిసారి సబ్‌టైటిల్స్ లేకుండా, ఆపకుండా. రెండోసారి, వాక్యం జారినచోట పది సెకన్లు వెనక్కి, అట్ల మూడుసార్లు. అప్పటికీ దొరక్కపోతే ఇంగ్లిష్ సబ్‌టైటిల్ వేసి చూసి, వెంటనే తీసేసి అదే వాక్యాన్ని మళ్లీ వినండి. చాలామంది ఎగ్గొట్టేది ఈ చివరిదే. కన్ను చూసిన మాటను చెవికి అప్పజెప్పేది అప్పుడే. వేగం తగ్గించుకుంటామంటే 0.75 దాకా సరే, అంతకన్నా కిందికి దిగొద్దు. పలకని 'హ'ను నెమ్మదిగా నడిపినా పలకదు కదా, నలిగిన మాట నలిగినట్టే సాగుతుంది. మిగతా ఎపిసోడ్ ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో హాయిగా చూసుకోండి, కథ తప్పిపోదు.

మళ్లీ మళ్లీ చెప్తున్నామని విసుక్కోకండి, తెలుగు సబ్‌టైటిల్స్ తీసేయండి. కింద తెలుగు కనబడితే మనసు అర్థాన్ని అక్కడే తీసుకుంటుంది, చెవిన పడ్డది వట్టి చప్పుడుగా పోతుంది. పైగా తెలుగు సబ్‌టైటిల్ భావానికి రాస్తారు, మాటకు మాట ఉండదు. విన్నదీ చదివిందీ ఎక్కడా కలవవు. కథ అర్థమైందన్న తృప్తి మాత్రం మిగులుతుంది, అదే అసలు మోసం. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ లేకుంటే బొత్తిగా నడవడం లేదంటే, ముందు చెప్పుకున్నట్టు సిరీస్ మార్చాలి గానీ తెలుగుకు మారొద్దు. సబ్‌టైటిల్స్‌లో సీసీ అన్నది దొరికితే అది వేసుకోండి, తలుపు చప్పుడు, ఫోన్ మోత కూడా రాస్తారు. అది సాధారణంగా పలికిన మాటకు దగ్గరగా ఉంటుంది.

యాస సంగతి ఎక్కడ దిగారన్నదాన్ని బట్టి. డాలస్, న్యూజెర్సీ, టొరంటో అయితే పైన చెప్పిన దారే. లెస్టర్‌లోనో లండన్‌లోనో ఉంటే బ్రిటిష్ వంటల పోటీ 'ది గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్' మేలు. పిండి కలుపుతూ పిండి గురించే మాట్లాడతారు, పోటీదారులు రకరకాల ఊళ్ల నుంచి వస్తారు కాబట్టి యాసలన్నీ పరిచయమవుతాయి. పాలమూరు నుంచి దుబాయ్ పోయినవాళ్లకు ఇవి సగమే పనికొస్తాయి. అక్కడ రోజూ వినేది ఫిలిప్పీన్స్, అరబ్బు, మలయాళీ ఇంగ్లిష్. దానికి సూపర్‌వైజర్‌తో రోజూ నాలుగు మాటలు మాట్లాడటాన్ని మించిన సిరీస్ లేదు.

సరే, ఇంత కోప్పడ్డాక ఇదీ చెప్పాలి కాబట్టి చెప్తున్నాం. ఏ కొత్త సిరీస్ అయినా మొదటి మూడు నాలుగు ఎపిసోడ్లు కష్టంగానే ఉంటాయి. గొంతులు కొత్తవి, పేర్లు కొత్తవి. అది మీ లోపం కాదు. మొదటి సీజన్ చివరికొచ్చేసరికి అవే నోళ్లు అలవాటై సగం భారం దానంతటదే దిగుతుంది. అందుకే మధ్యలో సిరీస్‌లు మార్చొద్దు, మార్చినప్పుడల్లా మళ్లీ ఆ మొదటి ఎపిసోడ్ల కష్టమే. రెండో సీజన్‌లో ఏదో ఒక చోట మూడు నిమిషాల పరీక్ష మళ్లీ పెట్టుకోండి. సబ్‌టైటిల్ వేశాక "ఇదేనా" అనుకునే చోట్లు నిమిషానికి ఒకటీ రెండుకు తగ్గితే, జానెట్ గొంతు మీకు అందినట్టే. ఇక జంగ్ సీన్లకు పోవచ్చు.