ఫొటో పోయింది, ఒంటి మీద లేచినవాటిని డాక్టర్‌కి ఫోన్లో చెప్పడమెలా?

నేను ఒక చర్మవ్యాధుల క్లినిక్‌లో నర్సుని. ఫోన్ చేసే వాళ్లలో చాలామంది "ఫొటో తీశానండీ, కానీ డిలీట్ అయిపోయింది" అంటారు. ముందు గూగుల్ ఫొటోస్‌లో ట్రాష్ చూడండి. బ్యాకప్ అయిన ఫొటో అందులో 60 రోజులు ఉంటుంది. వాట్సాప్‌లో ఎవరికైనా పంపి ఉంటే వాళ్ల ఫోన్లో దొరకొచ్చు. రెండూ లేకపోతే కొత్త ఫొటో తీయండి. అదీ కుదరకపోతేనే మాటలతో పని.

మా అత్తయ్య విషయంలో అదే జరిగింది. మామయ్య ఫోన్లో గ్యాలరీ ఖాళీ చేస్తూ ఆ ఫొటోనీ తీసేశారు. మళ్లీ తీద్దామంటే అప్పటికే అక్కి రాయించేశారు. పొక్కుల మీద జాజుతో గీసిన సింహం బొమ్మ తప్ప ఇంకేమీ కనిపించడం లేదు.

సమస్య: ఎంత చెప్పినా డాక్టర్ మళ్లీ మళ్లీ అదే అడుగుతున్నారు

కారణం: చూసింది చెప్పకుండా దానికి మనం పెట్టిన పేరు చెప్పడం. అత్తయ్య మొదటి మాట "అలర్జీ వచ్చిందమ్మా, ఎర్రగా ఉంది, ఒకటే మంట". దీంతో ఏ డాక్టరూ ఏమీ తేల్చలేరు. దద్దుర్లు అనే మాటా అంతే. చెమటకాయల నుంచి తామర దాకా అన్నిటినీ మనవాళ్లు అలాగే అంటారు.

పరిష్కారం: ఎక్కడ, ఎప్పటినుంచి, ఎలా ఉంది, ఎంత ఉంది. ఈ వరుసలో అడిగాను.

"జాజు పూయకముందు ఎక్కడెక్కడ ఉన్నాయి అత్తయ్యా?"
"కుడి రొమ్ము కింద మొదలై వీపు దాకా పట్టీలాగా. ఎడమవైపు ఒక్కటీ లేదు."
"పొక్కులు ముందా, నొప్పి ముందా?"
"నొప్పే. మంగళవారం నుంచి సూదులతో పొడిచినట్టు. పొక్కులు గురువారం పొద్దున లేచాయి."
"గట్టిగా ఉన్నాయా, లోపల నీరుందా?"
"నీళ్లే. ఆవగింజ నుంచి శనగగింజంత, గుంపులుగా."

ఈ జవాబులే మా డాక్టర్‌కి చెప్పాను, 61 ఏళ్లు, షుగర్ ఉంది అని కలిపి. ఒకవైపే ఉండడం, నొప్పి ముందు రావడం, నీటి పొక్కులు గుంపుగా లేవడం చూస్తే హెర్పిస్ జోస్టర్ అనిపిస్తోందన్నారు. మన అక్కి అదే. వైరస్‌ని ఆపే మాత్రలు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. మేం మాట్లాడింది శుక్రవారం సాయంత్రం. అయినా ఆయన ఫోన్లో మందు చెప్పలేదు, వెంటనే తీసుకురమ్మన్నారు. జాజు కడిగి చూశాకే రాశారు.

సైజు చెప్పడానికి ఇంట్లో వస్తువులు చాలు. పది రూపాయల బిళ్ల అడ్డంగా 27 మిల్లీమీటర్లు ఉంటుంది. "చిన్నదే" అనేకన్నా "పది రూపాయల బిళ్లంత" అంటే డాక్టర్‌కి లెక్క తెలుస్తుంది.

సమస్య: "ఎర్రగా ఉందా?" అంటే ఏం చెప్పాలో తెలియడం లేదు

కారణం: చామనచాయ, నలుపు ఒంటి మీద వాపు ఎర్రగా కనిపించకపోవచ్చు. ఊదాగానో, చుట్టూ ఉన్న చర్మం కన్నా ముదురుగానో ఉంటుంది.

పరిష్కారం: రంగుని వదిలేసి రెండో చేతితోనో, రెండో కాలితోనో పోల్చండి. చేతి వెనకవైపు ఆనించి ఏది వేడిగా ఉందో చూడండి. చర్మం బిగుసుకుందా, నొక్కితే గుంట పడుతోందా చెప్పండి.

సమస్య: పొద్దున ఉన్నది సాయంత్రానికి లేదు, లేదా పాకింది

పెన్నుతో అంచు చుట్టూ గీసి, పక్కన టైం రాయండి. ఆ మచ్చ 24 గంటల్లోపు మాయమై వేరేచోట లేస్తుంటే అర్టికేరియా కావచ్చు, అంటే అసలు దద్దుర్లు. కాలి పుండు చుట్టూ వాపు కొన్ని గంటల్లోనే గీత దాటితే మాత్రం ఫోన్ పక్కన పెట్టి ఆస్పత్రికి బయల్దేరండి.

మాటలకి అందనివి

పుండు ఎంత లోతుందో మాటల్లో తేలదు. షుగర్ వాళ్ల పాదానికి స్పర్శ తగ్గి ఉంటే "నొప్పి లేదు" అన్న మాటకి విలువే లేదు. అడుగున నల్లబడినా, వాసన వచ్చినా డాక్టర్ స్వయంగా చూడాల్సిందే.

జ్వరంతో పాటు చిన్న చుక్కలు లేస్తే గాజు గ్లాసుతో నొక్కి చూడండి. రంగు పోకపోతే చర్మం కింద రక్తం చిమ్మిందని అర్థం, ఆలస్యం చేయకూడదు. ముదురు చర్మం మీద ఇది సరిగా కనిపించదు కాబట్టి అరచేతుల్లో, అరికాళ్లలో వెతకండి. రంగు పోయినంత మాత్రాన ప్రమాదం లేదని కాదు.

కొత్త మందు వాడాక నోట్లో పుండ్లు పడి చర్మం ఊడుతున్నా, దద్దుర్లతో పెదాలు వాచి ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేయండి, మాకు కాదు. అక్కి పొక్కులు ముక్కు కొస మీదో, కంటి దగ్గరో లేస్తే అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించాలి. అక్కడ జాజు అస్సలు పూయించకండి.