విదేశాలకు పంపే అధికారిక పత్రాల అనువాదం: అంకెల విషయంలో జాగ్రత్తలు

అమెరికా వలస దరఖాస్తుకు జతచేసిన ఒక తహసీల్దారు పత్రం అనువాదం ఈమధ్య అభ్యంతరంతో తిరిగి వచ్చింది. మూలంలో 05/08/2024 అని ఉన్న తేదీని అనువాదకుడు మొదటి పుటలో అమెరికా వాడుక ప్రకారం 08/05/2024గా మార్చి, రెండవ పుటలో మాత్రం ఉన్నది ఉన్నట్టు వదిలేశాడు. అక్కడ నెలను ముందు చదువుతారు కాబట్టి ఒకే పత్రానికి ఆగస్టు 5, మే 8 అనే రెండు తేదీలు ఏర్పడ్డాయి. వీసాల కాలంలో ఇలాంటి పనులు తొందరలో జరుగుతుంటాయి గనుక ఈ జాగ్రత్తలు రాస్తున్నాను.

నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగానికి ఒకటే కారణం: మూలంలోని అంకెను తీసివేసి, దాని స్థానంలో తాము మార్చిన అంకెను చెప్పకుండా పెట్టడం. అమెరికా వలస శాఖకు ఇచ్చే అనువాదం పూర్తిగా, కచ్చితంగా ఉందని అనువాదకుడు సంతకంతో ధ్రువీకరించాలి. అంకెను మార్చేసి ఆ సంతకం పెడితే, లెక్క సరైనదే అయినా మాట తప్పినట్టే. మూలంలోని అంకె అనువాదంలో కనిపించాలి. మీ మార్పు దాని పక్కన చదరపు బ్రాకెట్లలో, అనువాదకుని గమనికగా ఉండాలి.

తేదీ విషయంలో నెలను అక్షరాలలో రాయడమే మందు. 05/08/2024 పక్కన బ్రాకెట్లలో ‘5 ఆగస్టు 2024’ అని రాస్తే ఏ దేశంలోనూ రెండో అర్థం రాదు. అయితే రోజు ముందా, నెల ముందా అనేది మూలం నుంచే తేలాలి. అదే పత్రంలో 23/07/2024 లాంటి తేదీ ఉంటే క్రమం స్పష్టమవుతుంది. తేలకపోతే ఊహించవద్దు, అంకెలను యథాతథంగా ఉంచి, క్రమం స్పష్టంగా లేదని గమనికలో చెప్పండి.

భూమి కొలతల్లో ప్రమాదం ఇంకా లోతైనది. విస్తీర్ణం 2.20 అని ఉందనుకుందాం. తెలంగాణ పత్రంలో శీర్షిక ‘ఎ.గుం.’ అయితే అది రెండు ఎకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు, అంటే సుమారు 1.01 హెక్టార్లు. ఆంధ్రప్రదేశ్ పత్రంలో శీర్షిక ‘ఎ.సెం.’ అయితే, ఎకరానికి 100 సెంట్లు కాబట్టి అది 2.2 ఎకరాలు, సుమారు 0.89 హెక్టార్లు. శీర్షిక చూడకుండా చుక్కను దశాంశ బిందువుగా తీసుకున్నవాడు తెలంగాణ రైతు భూమిలో పన్నెండు గుంటలను కాగితం మీదే మాయం చేస్తాడు. అందుచేత ముందు ‘2 ఎకరాల 20 గుంటలు’ అని పూర్తిగా విప్పి రాసి, ఆ తర్వాతే బ్రాకెట్లలో హెక్టార్లు ఇవ్వండి. ఇక్కడ కూడా అదే నియమం: మూలం పోకూడదు.

డబ్బును డాలర్లలోకి మార్చడం అనువాదకుని పని కాదు. మారకపు రేటు రోజూ మారుతుంది; పత్రం రాసిన అధికారి డాలర్ల మాట ఎత్తలేదు. రూపాయలను రూపాయలుగానే ఉంచండి. దరఖాస్తుకు డాలర్ల విలువ తప్పనిసరి అయితే వేరే కాగితం మీద మొత్తం, రేటు, ఆ రేటు తేదీ, అది ఎక్కడి నుంచి తీసుకున్నారో చూపండి. లక్షల కామాలు మాత్రం విదేశీ పాఠకుణ్ణి తడబెడతాయి. ‘రూ. 45,00,000’ను ఉంచి, పక్కన బ్రాకెట్లలో 4,500,000 అని ఇవ్వండి. సున్నాలు లెక్కపెట్టండి, అక్షరాలలో రాసిన మొత్తంతో పోల్చండి. జర్మనీకి వెళ్లే పత్రమైతే, అక్కడ కామా దశాంశ బిందువు పని చేస్తుందని గుర్తుంచుకోండి.

చిరునామాను మార్చవద్దు, లిప్యంతరీకరణ చేయండి. వీధి పేరుకు అర్థం రాయవద్దు. పిన్‌కోడ్‌ను వేరే దేశపు చిరునామా వరుసలో ఇరికించవద్దు. 1996 నాటి పత్రంలో ‘కరీంనగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్’ అని ఉంటే, ఆ ఊరు నేడు తెలంగాణలో జగిత్యాల జిల్లా కిందికి వచ్చినా మూలాన్ని దిద్దవద్దు. కావాలంటే గమనిక పెట్టండి. 5-8-96 అనే ఇంటి నంబరును స్ప్రెడ్‌షీట్‌లో నేరుగా టైపు చేయవద్దు, అది తేదీగా మారిపోతుంది. పాస్‌పోర్టులో ఉన్న ఊరి పేరు వర్ణక్రమాన్నే అన్నిచోట్లా వాడండి. పత్రం మీద వేరుగా ఉంటే సరిచేయకుండా గమనికలో చూపండి. ముద్రలోని తేదీని, చేతిరాత అంకెలను వదిలేయవద్దు. చదవలేని అంకెను ఊహించి నింపవద్దు, చదవలేకపోయామని రాయండి. మూలంలోనే పొరపాటు ఉంటే జారీ చేసిన కార్యాలయంలో సవరణ తెచ్చుకోండి, అనువాదంలో దిద్దకండి. ధ్రువీకరణపై సంతకం చేసేముందు, ఒకరు మూలాన్ని పైకి చదువుతుంటే మరొకరు అనువాదంలోని ప్రతి అంకెనూ వేలు పెట్టి సరిచూడండి.