ఫోన్‌లో పనిచేసే పాస్‌కీ లాప్‌టాప్‌లో కనిపించడం లేదా? సమస్య - పరిష్కారం

పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో స్క్రీన్ లాక్‌తోనో లాగిన్ అయ్యేందుకు పాస్‌కీ పెట్టుకున్నవాళ్ల దగ్గర నుంచి ఎక్కువగా వినే ఫిర్యాదు ఇది: "ఫోన్‌లో వేలు పెడితే లాగిన్ అవుతోంది. లాప్‌టాప్‌లో మాత్రం పాస్‌కీ లేదంటోంది." వెంటనే పాతది తీసేసి కొత్తది పెడతారు. అదీ పనిచేయదు. చివరికి విసుగొచ్చి పాస్‌వర్డ్‌కే తిరిగి వెళ్తారు. దయచేసి దేన్నీ డిలీట్ చేయకండి. ముందు కారణం కనుక్కుందాం.

పాస్‌వర్డ్‌కీ దీనికీ ఉన్న తేడా ఒక్కటి తెలిస్తే సగం చిక్కు వీడిపోతుంది. పాస్‌వర్డ్ మీకు గుర్తుంటే చాలు, ఏ కంప్యూటర్‌లోనైనా టైప్ చేయొచ్చు. పాస్‌కీని టైప్ చేయలేం, గుర్తుపెట్టుకోలేం. దాన్ని సృష్టించినప్పుడు రెండు తాళాలు పుడతాయి. ఒకటి సైట్ దగ్గర ఉంటుంది, అది బయటపడినా దొంగకు పనికిరాదు. రెండోది, రహస్యంగా ఉండాల్సింది, మీ ఫోన్‌లోనో లాప్‌టాప్‌లోనో పాస్‌వర్డ్ మేనేజర్‌లోనో సేవ్ అవుతుంది. మీ వేలిముద్ర సైట్‌కి వెళ్లదు. ఆ రహస్య తాళాన్ని వాడేందుకు మీ ఫోన్ మిమ్మల్ని అడిగే అనుమతి మాత్రమే అది. కాబట్టి పాస్‌కీ విషయంలో చూడాల్సింది అది ఎక్కడ సేవ్ అయిందన్నది.

లక్షణం: క్యూఆర్ కోడ్ వచ్చింది, స్కాన్ చేస్తే ఏమీ జరగడం లేదు

లాప్‌టాప్‌కి పాస్‌కీ నేరుగా దొరక్కపోతే, ఫోన్‌లో ఉన్నదాన్ని వాడుకునేందుకు అది క్యూఆర్ చూపిస్తుంది. అప్పుడు అందరూ వదిలేసే తనిఖీ ఇదే: బ్లూటూత్. ఫోన్‌లోనూ లాప్‌టాప్‌లోనూ రెండింట్లో ఆన్‌లో ఉండాలి. రెండింటినీ జత చేయనక్కర్లేదు, ఆన్ చేస్తే చాలు. ఫోన్ నిజంగా ఆ లాప్‌టాప్ పక్కనే ఉందని తేల్చుకోవడానికే బ్లూటూత్ అడుగుతారు. ఎక్కడో దూరాన కూర్చున్న మోసగాడు మీకు వాట్సాప్‌లో క్యూఆర్ పంపి స్కాన్ చేయించి లాగిన్ అవ్వకుండా కాపాడేది ఈ తనిఖీయే. బ్లూటూత్‌తో పాటు రెండింట్లో ఇంటర్నెట్ కూడా ఉండాలి.

మన దగ్గర ఇంకో అలవాటు ఉంది. క్యూఆర్ కనిపిస్తే చేయి దానంతట అదే యూపీఐ యాప్ మీదకు వెళ్తుంది. ఆ స్కానర్ దీన్ని గుర్తించదు, చెల్లని కోడ్ అంటుంది. ఫోన్ కెమెరాతో స్కాన్ చేయండి.

లక్షణం: పాస్‌కీ సృష్టించే అవకాశమే రావడం లేదు

ఫోన్‌కి స్క్రీన్ లాక్ లేదు, లేదా లాప్‌టాప్ తెరిచేందుకు వాడే విండోస్ హలో పిన్ పెట్టలేదు. పెట్టి మళ్లీ ప్రయత్నించండి. ఐఫోన్ అయితే పాస్‌కీలు దాచే ఐక్లౌడ్ కీచైన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

లక్షణం: ఫోన్‌లో పనిచేస్తుంది, లాప్‌టాప్‌లో లేదంటుంది

అసలు చిక్కు ఇక్కడుంది. పాస్‌కీ ఎక్కడికీ పోలేదు, మీరు అనుకున్న చోట కాకుండా వేరే చోట సేవ్ అయింది. పాస్‌కీ సృష్టించేటప్పుడు కింద నుంచి ఒక చిన్న పెట్టె లేస్తుంది. అందులో ఏ మేనేజర్‌లో, ఏ అకౌంట్ కింద సేవ్ అవుతుందో ఒక లైన్‌లో రాసి ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. వేలు పెట్టి ముందుకెళ్లిపోతారు.

మా పక్కింటి మాస్టారి సంగతి చెప్తాను. ఆయన ఆండ్రాయిడ్ ఫోన్‌లో రెండు జీమెయిల్‌లు ఉన్నాయి, ఒకటి సొంతది, ఒకటి స్కూల్ ఇచ్చింది. ఒక షాపింగ్ సైట్‌కి ఫోన్‌లో పాస్‌కీ పెట్టుకున్నారు. ఇంట్లో విండోస్ లాప్‌టాప్ ఉంది, అందులో క్రోమ్ సొంత జీమెయిల్‌తో లాగిన్ అయి ఉంది. ఫోన్‌లో అంతా బాగానే ఉంది. లాప్‌టాప్‌లో మాత్రం క్రోమ్ ప్రతిసారీ క్యూఆర్ చూపిస్తోంది. ఆ క్యూఆర్‌ని స్కాన్ చేస్తే లాగిన్ అవుతోంది!

ఇక్కడే జబ్బు దొరికింది. క్యూఆర్ దారిలో పని జరిగిందంటే పాస్‌కీ బాగానే ఉంది, సైట్ కూడా దాన్ని ఒప్పుకుంటోంది. లాప్‌టాప్‌కి నేరుగా దొరకడం లేదు, అంతే. ఫోన్‌లో గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ తెరిచి, పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కి అకౌంట్ మార్చి చూశాం. పాస్‌కీ స్కూల్ అకౌంట్ కింద ఉంది. ఫోన్‌లో రెండు అకౌంట్లూ ఉన్నాయి కాబట్టి అక్కడ తేడా తెలియలేదు. లాప్‌టాప్ క్రోమ్‌లో ఉన్నది ఒక్క సొంత అకౌంటే.

దీన్ని అలాగే వదిలేయకూడదు. రేపు ఆయన స్కూల్ మారితే ఆ జీమెయిల్ మూసేస్తారు, పాస్‌కీ దాంతోపాటే పోతుంది. ఆఫీసు జీమెయిల్ ఫోన్‌లో పెట్టుకున్న ప్రతివాళ్లకీ ఈ ప్రమాదం ఉంది.

సరిచేసే వరుస చాలా ముఖ్యం. ముందు ఫోన్‌లో పాత పాస్‌కీతోనే సైట్‌లోకి వెళ్లి, సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ఇంకో పాస్‌కీ సృష్టించాలి. ఆ చిన్న పెట్టె లేచినప్పుడు ఆగి, అకౌంట్ పేరు చదివి, వేరే చోట సేవ్ చేసే ఆప్షన్ నొక్కి సొంత జీమెయిల్ ఎంచుకోవాలి. తర్వాత లాప్‌టాప్‌లో సైట్ నుంచి లాగౌట్ అయి కొత్త పాస్‌కీతో లోపలికి రావాలి. మొదటిసారి క్రోమ్ గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ పిన్ గానీ ఫోన్ స్క్రీన్ లాక్ గానీ అడగొచ్చు. అది బ్యాంకు పిన్ కాదు, కంగారుపడి మూసేయకండి. లాప్‌టాప్‌లో ఒకసారి లాగిన్ అయ్యాకే పాతది తీసేయాలి. అదీ రెండు చోట్లా: సైట్‌లోని పాస్‌కీల జాబితాలోంచి, స్కూల్ అకౌంట్ పాస్‌వర్డ్ మేనేజర్‌లోంచి. ఒక్కచోటే తీస్తే రెండోచోట పనికిరాని పాస్‌కీ మిగిలి, తర్వాత ఎప్పుడో లాగిన్ అప్పుడు అడ్డొస్తుంది.

ఇదే తిరకాసు లాప్‌టాప్ వైపు నుంచి కూడా వస్తుంది. విండోస్‌లో పాస్‌కీ సృష్టించేటప్పుడు "This Windows device" ఎంచుకుంటే అది విండోస్ హలోలో ఆ ఒక్క లాప్‌టాప్‌లోనే ఉంటుంది. ఫోన్‌కి రాదు. లాప్‌టాప్ ఫార్మాట్ చేస్తే పోతుంది. ఆఫీసు లాప్‌టాప్‌లో ఇలా పెట్టి, మానేసేటప్పుడు దాన్ని తిరిగి ఇచ్చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. విండోస్ 11లో ఇవి సెట్టింగ్స్‌లో `Accounts > Passkeys` కింద కనిపిస్తాయి. క్రోమ్‌లో సేవ్ అయినవి చూడాలంటే అడ్రస్ బార్‌లో ఇది టైప్ చేయండి:

```
chrome://password-manager/passwords
```

ఆ సైట్ పాస్‌కీ విండోస్ జాబితాలో ఉండి క్రోమ్ జాబితాలో లేకపోతే కారణం దొరికినట్టే. విండోస్‌లో ఉన్నదాన్ని అలాగే ఉంచి, ఫోన్‌లో రెండో పాస్‌కీ చేసుకోండి. ఒకే అకౌంట్‌కి ఒకటి కంటే ఎక్కువ పాస్‌కీలు ఉండొచ్చు, దానివల్ల నష్టమేమీ లేదు.

కొన్ని ఫోన్లలో ఫోన్ కంపెనీ సొంత పాస్‌వర్డ్ యాప్ ముందే ఎంపికై ఉంటుంది. అందులో సేవ్ అయినది లాప్‌టాప్‌లోని క్రోమ్‌కి చేరదు. ఆండ్రాయిడ్ 14 ఆపైన సెట్టింగ్స్‌లో `passkeys` అని వెతికి, ఏది ప్రధానంగా ఉందో చూసి మార్చుకోండి.

మిగతావి

నిన్నటిదాకా పనిచేసి ఇవాళ ఒక్కసారిగా ఏ పాస్‌కీ కనిపించకపోతే అడ్రస్ బార్ చదవండి. పాస్‌కీ ఆ సైట్ డొమైన్‌కే కట్టుబడి ఉంటుంది, అచ్చం అలాగే కనిపించే నకిలీ సైట్‌లో పనిచేయదు. అలాంటప్పుడు "సరే, పాస్‌వర్డ్ కొడదాం" అనుకోవద్దు. ఆ పేజీ మూసేసి, మీకు తెలిసిన అడ్రస్‌ని మీరే టైప్ చేసి వెళ్లండి.

లాప్‌టాప్‌లో బ్లూటూత్ పాడైపోవడం, ఆఫీసువాళ్లు దాన్ని ఆపేయడం, బ్రౌజర్ మరీ పాతదైపోవడం అరుదు. మొదటిదానికి యూఎస్‌బీ బ్లూటూత్ డాంగిల్, రెండోదానికి ఐటీ విభాగం, మూడోదానికి అప్‌డేట్. వేలిముద్ర తీసుకోకపోతే అది పాస్‌కీ సమస్యే కాదు, ఫోన్ పిన్ కొడితే అదే పని అవుతుంది.