ఎక్సెల్‌లో ఇంటి లెక్కలు – 6వ పాఠం: వడ్డీ రేటు, గడువు రెండూ మారితే ఈఎంఐ ఎంత?

కిందటి పాఠంలో PMT ఫార్ములాతో ఒక లోన్‌కి ఒక ఈఎంఐ లెక్క కట్టాం. కానీ బ్యాంకుకి వెళ్లినప్పుడు ఎవరికైనా వచ్చే ప్రశ్న ఒక్కటి కాదు. ఇరవై ఏళ్లకి ఎంత, పాతికేళ్లకి ఎంత, వడ్డీ అర శాతం పెరిగితే ఎంత... ఒక్కోటీ మార్చి కాగితం మీద రాసుకోవడం కంటే అన్నిటినీ ఒకే పట్టికలో చూడటం మేలు. ఎక్సెల్‌లో దీనికి Data Table అనే పనిముట్టు ఉంది.

30 లక్షల ఇంటి లోన్ తీసుకుందాం. షీట్‌లో B1లో 3000000, B2లో 8.5%, B3లో 20 వేయండి. B2లో శాతం గుర్తు మరవకండి. B4లో ఈ ఫార్ములా:

```
=PMT(B2/12,B3*12,-B1)
```

జవాబు 26,035 దగ్గర రావాలి. వడ్డీని 12తో ఎందుకు భాగించామంటే PMTకి నెల వడ్డీ కావాలి. మన ఊళ్లలో చెప్పుకునే ‘రూపాయి వడ్డీ’ కూడా నెల లెక్కే, అంటే ఏడాదికి 12 శాతం. ఆ భాషలో బ్యాంకు వారి 8.5 శాతం సుమారు 71 పైసల వడ్డీ.

ఇప్పుడు పట్టిక. A7లో =B4 అని రాయండి. ఈ మూల గడి చాలా ముఖ్యం. ఏ లెక్కని మార్చి మార్చి చెయ్యాలో ఎక్సెల్‌కి చెప్పేది ఇదే. దాని పక్కన B7 నుంచి F7 వరకు 10, 15, 20, 25, 30 ఏళ్లు వేయండి. దాని కింద A8 నుంచి A11 వరకు 8%, 8.5%, 9%, 9.5% వేయండి. A7 నుంచి F11 వరకు మొత్తం సెలెక్ట్ చేసి Data ట్యాబ్‌లో What-If Analysis, అందులో Data Table నొక్కండి. చిన్న పెట్టె వస్తుంది. అడ్డు వరుసలో ఉన్నవి ఏళ్లు కాబట్టి Row input cell దగ్గర B3 ఇవ్వండి. నిలువు వరుసలో ఉన్నవి రేట్లు కాబట్టి Column input cell దగ్గర B2 ఇవ్వండి. OK కొట్టి, పైసలు కనబడకుండా ఫార్మాట్ చేస్తే ఇలా ఉంటుంది:

| వడ్డీ | 10 ఏళ్లు | 15 ఏళ్లు | 20 ఏళ్లు | 25 ఏళ్లు | 30 ఏళ్లు |
|---|---|---|---|---|---|
| 8% | 36,398 | 28,670 | 25,093 | 23,154 | 22,013 |
| 8.5% | 37,196 | 29,542 | 26,035 | 24,157 | 23,067 |
| 9% | 38,003 | 30,428 | 26,992 | 25,176 | 24,139 |
| 9.5% | 38,819 | 31,327 | 27,964 | 26,211 | 25,226 |

చదవడానికి ముందు ఒక్క తనిఖీ చేయండి. 8.5 శాతం, 20 ఏళ్ల గడిలో ఉన్న అంకె B4తో సరిపోవాలి. B2, B3లని పొరపాటున తారుమారు చేస్తే ఇరవై ఏళ్లని ఇరవై రెట్ల వడ్డీగా తీసుకుని 8%, 20 ఏళ్ల గడిలో దాదాపు 82 లక్షలు చూపిస్తుంది. ఇలాంటి తప్పు కంటికి వెంటనే తగులుతుంది. తగలని తప్పు ఇంకొకటుంది. కొందరు A9లో 8.5% అని టైపు చేయకుండా =B2 అనీ, A8లో =B2-0.5% అనీ రాస్తారు. పట్టిక లెక్క కట్టేటప్పుడు ఎక్సెల్ ఒక్కో రేటుని B2లోనే పెట్టి చూస్తుంది. ఆ రేటే B2 మీద ఆధారపడితే అదీ కదిలిపోతుంది. అంకెలు మామూలుగానే కనబడతాయి కానీ తప్పు. అందుకే అంచుల్లో అంకెలని చేత్తోనే టైపు చేయాలి.

B1 మార్చినా పట్టిక మారకపోతే Formulas ట్యాబ్‌లో Calculation Options చూడండి. డేటా టేబుళ్లని వదిలేసి మిగతావే లెక్కించే ఎంపిక అక్కడ పెట్టి ఉండొచ్చు. F9 నొక్కితే లెక్క కడుతుంది. గూగుల్ షీట్స్ వాడేవాళ్లకి Data Table లేదు. B8లో ఇది రాసి మిగతా గడుల్లోకి లాగండి, అవే అంకెలు వస్తాయి:

```
=PMT($A8/12,B$7*12,-$B$1)
```

ఇక చదవడం. ముందు అడ్డంగా, 8.5 శాతం వరుసలో వెళ్లండి. 10 ఏళ్ల నుంచి 15కి వెళ్తే ఈఎంఐ నెలకి 7,654 తగ్గింది. 15 నుంచి 20కి 3,507, 20 నుంచి 25కి 1,878. చివరి ఐదేళ్లకి తగ్గింది 1,090 మాత్రమే. గడువు పొడిగించే కొద్దీ లాభం ఎందుకు సన్నబడుతోంది? 30 లక్షల మీద 8.5 శాతం అంటే మొదటి నెల వడ్డీయే 21,250. ఈఎంఐ అంతకంటే కిందకి దిగితే అసలు తీరదు. వందేళ్ల గడువిచ్చినా ఆ నేల దాటలేదు. 30 ఏళ్లకి మనం ఇప్పటికే ఆ నేలకి దగ్గరలో ఉన్నాం.

నా దృష్టిలో పట్టికలో అసలు విషయం ఉండేది ఐమూలగా చదివితేనే. 8%కి 20 ఏళ్లు 25,093. 9%కి 25 ఏళ్లు 25,176. 9.5%కి 30 ఏళ్లు 25,226. మూడూ ఇంచుమించు ఒకటే ఈఎంఐ. ఫ్లోటింగ్ రేటు లోన్లలో వడ్డీ పెరిగినప్పుడు ఈఎంఐ ముట్టుకోకుండా గడువు పొడిగించడమంటే ఈ మెట్ల మీదుగా నడవడమే. నెలకి కట్టేది మారలేదు కాబట్టి చాలామందికి తెలియనే తెలియదు.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రిజర్వ్ బ్యాంకు, బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వేసే వడ్డీని, అంటే రెపో రేటుని 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచినప్పుడు చాలా ఇంటి లోన్లకి జరిగింది ఇదే. తర్వాత 2023 ఆగస్టులో, రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పొడిగించుకోవాలా, రెండూ కలిపి చేసుకోవాలా అన్న ఎంపిక లోన్ తీసుకున్నవారికి ఇవ్వాలని బ్యాంకులకి ఆదేశించింది.

ఆ మెట్ల ఖరీదు ఈఎంఐ పట్టికలో కనబడదు. దానికి రెండో పట్టిక వేద్దాం. B5లో మొత్తం వడ్డీ లెక్క:

```
=B4*B3*12-B1
```

A14లో =B5 అని పెట్టి, అంచుల్లో అవే ఏళ్లు, అవే రేట్లు వేసి, ముందులాగే Data Table చేయండి. 8%, 20 ఏళ్ల గడిలో సుమారు 30.22 లక్షలు. 9.5%, 30 ఏళ్ల గడిలో 60.81 లక్షలు. నెలకి తేడా 132 రూపాయలే, వడ్డీ మాత్రం రెట్టింపు. రేటు కదలకపోయినా అంతే: 8.5 శాతం దగ్గర గడువు 25 నుంచి 30కి పెంచితే నెలకి 1,090 మిగులుతుంది, మొత్తం వడ్డీ పదిన్నర లక్షలు పెరుగుతుంది.

ఈ పట్టిక ఒక్క రేటు చివరిదాకా ఉంటుందనుకుని కట్టింది. లోన్ నడుస్తున్నవాళ్లు B1లో మొదట తీసుకున్న మొత్తం కాకుండా స్టేట్‌మెంట్‌లో ఉన్న మిగిలిన అసలు వేసుకోవాలి. అంచుల్లో మిగిలిన ఏళ్లు, ఇప్పటి రేటుకి అటూ ఇటూ పావు శాతం చొప్పున రేట్లు వేసుకోవాలి.

అభ్యాసం: మీ లోన్ అంకెలతో రెండు పట్టికలూ వేసి, ఇప్పుడు కడుతున్న ఈఎంఐకి దగ్గరగా ఉన్న గడులకి రంగు వేయండి. వచ్చే పాఠంలో నెలనెలా అసలెంత, వడ్డీ ఎంత తీరుతోందో చూపే షెడ్యూల్ కట్టి, మధ్యలో ఒక లక్ష ముందుగా కడితే ఎన్ని నెలలు తగ్గుతాయో లెక్కిద్దాం.