ఈఏసీ నెలకోలా మారుతోందా? టీసీపీఐ నమ్మేలా లేదా? ఒక కాలువ లైనింగ్ లెక్కతో సమస్య - పరిష్కారం

నరసన్నపేట వైపు ఒక బ్రాంచి కాలువకు 10 కిలోమీటర్ల కాంక్రీటు లైనింగ్ పని ఉందనుకుందాం. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే గానీ, వాటిలో దొర్లే తప్పులు మాత్రం ఏ సైటులోనైనా కనిపించేవే. సంక్రాంతి దాటాక కాలువలో నీరు ఆపితే పని మొదలవుతుంది, ఖరీఫ్‌కి నీరు వదిలేలోగా ముగియాలి. కాంట్రాక్టరు ఖర్చు బడ్జెట్ 400 లక్షలు, కిలోమీటరుకు 40 లక్షలు. ఈ బడ్జెట్టే బీఏసీ.

మార్చి నెలాఖరుకు 5 కిలోమీటర్లు అవ్వాలని ప్లాన్. అయింది 4. కాబట్టి ప్లాన్ విలువ 200 లక్షలు, సంపాదించిన విలువ, అంటే ఈవీ, 160 లక్షలు. అకౌంట్స్ ఇచ్చిన వాస్తవ ఖర్చు, అంటే ఏసీ, 200 లక్షలు. సీపీఐ అంటే పెట్టిన ప్రతి రూపాయికి ఎంత విలువైన పని అయిందో, ఈఏసీ అంటే పని ముగిసేసరికి అయ్యే మొత్తం ఖర్చు అంచనా, టీసీపీఐ అంటే మిగతా పనిని మిగతా డబ్బులో తేల్చడానికి ఇకపై కావాల్సిన సీపీఐ. సూత్రాలు ఇవి:

```
CPI  = EV / AC
EAC  = BAC / CPI
TCPI = (BAC - EV) / (BAC - AC)
```

సీపీఐ 0.80, ఈఏసీ 500 లక్షలు, టీసీపీఐ 240/200, అంటే 1.20 వచ్చాయి. ఈ 1.20ని రిపోర్టులో అలాగే వదిలేస్తే చదివేవాళ్లకి ఏమీ అర్థం కాదు. కిలోమీటరు లెక్కలోకి మార్చి చెప్పండి: ఇప్పటిదాకా కిలోమీటరుకు 50 లక్షలు పెట్టినవాళ్లు, మిగతా ఆరు కిలోమీటర్లూ 33.3 లక్షల చొప్పున చేస్తేనే 400లో పని తేలుతుంది. అదే మేస్త్రీ, అదే మిల్లరు, అదే క్వారీతో అది జరిగే పని కాదు. అయితే ఆ మాట అనేముందు, చేతిలో ఉన్న అంకెలు సరైనవో కాదో చూసుకోవాలి.

లక్షణం: ఈఏసీ ఒక నెల 500, మరుసటి నెల 450, ఆ పై నెల 480

సైటులో పని ఒకే తీరున సాగుతుంటే ఆఖరి ఖర్చు అంచనా ఇలా ఊగకూడదు. ఊగుతోందంటే ఈవీ, ఏసీ ఒకే పనిని కొలవడం లేదన్నమాట. దాదాపు ఎప్పుడూ తప్పు ఏసీలోనే ఉంటుంది.

ఏసీలో చేరకూడనిది చేరడం మొదటి కారణం. మన ఉదాహరణలో వచ్చే కిలోమీటర్ల కోసం ముందుగా దింపిన కంకర, ఇసుక, సిమెంటు 24 లక్షల విలువైనవి సైటులో కుప్పలుగా ఉన్నాయి. బిల్లు కట్టేశారు కాబట్టి అకౌంట్స్ దాన్ని ఖర్చులో చూపారు. కానీ ఆ కంకరతో ఒక్క మీటరు లైనింగ్ కూడా పడలేదు, ఈవీలో దాని జాడే లేదు. చేరాల్సింది చేరకపోవడం రెండో కారణం. పొక్లెయిన్, ట్రాక్టర్ల మార్చి నెల అద్దె 8 లక్షలు. పని అయిపోయింది, ఈవీలో చేరిపోయింది. బిల్లు మాత్రం ఏప్రిల్ రెండో వారానికి గానీ రాదు.

సరిచేసే పద్ధతి: నెలాఖరు రోజున స్టోర్ రిజిస్టరు పట్టుకుని వాడని సరుకు విలువను ఏసీ నుంచి తీసేయండి. లాగ్ షీట్లు చూసి, బిల్లు రాని గంటలకు ధర కట్టి కలపండి. 200 నుంచి 24 తీసి, 8 కలిపితే ఏసీ 184 లక్షలు.

ఇప్పుడు సీపీఐ 160/184, అంటే 0.87. ఈఏసీ 460 లక్షలు. టీసీపీఐ 240/216, అంటే 1.11. కిలోమీటరుకు నిజంగా పడుతున్నది 46 లక్షలు, మిగతావి చేయాల్సింది 36 లక్షలకు. పరిస్థితి ఇంకా బాగోలేదు గానీ, 500 అని చెప్పి యజమానిని బెదరగొట్టాల్సినంత ఘోరంగానూ లేదు.

ఏసీ సరిచేసినా ఊగుడు తగ్గకపోతే అప్పుడు ఈవీని అనుమానించండి. ఎం-బుక్‌లో ఎక్కిన కొలతే ఈవీకి ఆధారం కావాలి, సైటు ఇంజనీరు ఫోనులో చెప్పిన "నాలుగు అయిపోయినట్టే సార్" కాదు. అడుగు భాగం కాంక్రీటు పడి, పక్క వాలులు మిగిలిపోయిన కిలోమీటరును పూర్తి కిలోమీటరుగా రాస్తే ఈవీ ఆ నెల పొంగి, పై నెల కుంగుతుంది. ఇంకొకటి, ఈవీని ఎప్పుడూ బడ్జెట్ రేటుతోనే గుణించాలి. డిపార్ట్‌మెంటుకు పెట్టిన బిల్లు మొత్తాన్ని ఈవీగా వేసేవాళ్లున్నారు. అందులో లాభమూ, జీఎస్టీ కూడా కలిసుంటాయి కాబట్టి సీపీఐ ఒకటికి పైన కనబడి, నష్టంలో ఉన్న పని లాభంలో ఉన్నట్టు మురిపిస్తుంది. బీఏసీ దగ్గర అగ్రిమెంట్ విలువ వేసినా ఇదే గతి.

పని ఐదో వంతైనా కాకముందు వచ్చే ఈఏసీని మాత్రం పెద్దగా పట్టించుకోవద్దు. మొదటి కిలోమీటరులో ఒక్క యంత్రం వారం ఆగితే చాలు, అంచనా తలకిందులవుతుంది.

లక్షణం: ఒకే అంకెల నుంచి మూడు ఈఏసీలు వస్తున్నాయి, ఏది పంపాలో తెలియదు

```
AC + (BAC - EV)               = 424
BAC / CPI                     = 460
AC + (BAC - EV) / (CPI * SPI) = 529
```

మూడూ లెక్క ప్రకారం సరైనవే. ఒక్కోటీ మిగతా పని గురించి ఒక్కో మాట నమ్ముతుంది. మొదటిది, ఇక నుంచి అంతా బడ్జెట్ రేటుకే జరుగుతుందంటుంది. రెండోది, ఇప్పటిదాకా ఎలా జరిగిందో అలాగే జరుగుతుందంటుంది. మూడోది, ఖర్చు దెబ్బా ఆలస్యం దెబ్బా రెండూ మిగతా పని మీద పడతాయంటుంది. ఎస్‌పీఐ అంటే ఈవీని ప్లాన్ విలువతో భాగించినది, ఇక్కడ 160/200, అంటే 0.80. మధ్యలో ఉంది కదా అని 460 పంపేయడం చాలామంది చేసే పని. కానీ ఏది పంపాలన్నది సూత్రం చెప్పదు, పెరిగిన ఖర్చుకు కారణం చెబుతుంది.

నాలుగు కిలోమీటర్లకు 24 లక్షలు ఎక్కువయ్యాయి. వోచర్లు విడదీసి చూస్తే అందులో 14 లక్షలు ఒకే చోట పోయాయి: అకాల వర్షానికి గట్టు జారి, పల్లపు పొలాల దగ్గర ఊట నీరు చేరితే, డీజిల్ మోటార్లు పెట్టి రోజుల తరబడి తోడాల్సి వచ్చింది. మిగతా 10 లక్షలు కంకర లీడ్‌లో పోయాయి. ఎస్టిమేట్‌లో చూపిన క్వారీ నుంచి కాక అంతకన్నా దూరం నుంచి తోలుతున్నారు. కిలోమీటరుకు 2.5 లక్షల బరువు.

14 లక్షలు మళ్లీ వస్తాయా? మిగతా ఆరు కిలోమీటర్ల లెవెల్స్ చూడండి. కాలువ అడుగు చుట్టుపక్కల పొలాలకంటే ఎత్తులో ఉండి ఊట చేరే చోటు లేకపోతే రావు. ఈ పరీక్ష కాగితం మీద పెట్టకుండా "అది ఒక్కసారి ఖర్చే" అన్న మాటను ఒప్పుకోవద్దు. పెరిగిన ప్రతి రూపాయినీ ఆ పేరుతోనే దాచేస్తుంటారు. లీడ్ సంగతి వేరు. క్వారీ మారనంతకాలం ఆ 2.5 లక్షలు ఆఖరి మీటరు దాకా పడుతూనే ఉంటాయి.

కాబట్టి మిగతా పని 6 కిలోమీటర్లు, 42.5 లక్షల చొప్పున 255 లక్షలు. ఏసీ 184 కలిపితే ఈఏసీ 439 లక్షలు. ఇది మూడు సూత్రాల్లో ఏదీ ఇవ్వని అంకె. అయినా పంపాల్సింది ఇదే, ఎందుకంటే దీని వెనక కారణం ఉంది.

లక్షణం: కొత్త ఈఏసీతో టీసీపీఐ వేస్తే ప్రతిసారీ సీపీఐకే సమానంగా వస్తోంది

బీఏసీని సీపీఐతో భాగించి తెచ్చిన 460ని మళ్లీ టీసీపీఐ హారంలో బీఏసీ బదులు వేస్తే 240/276, అంటే 0.87. అది సీపీఐయే. ఎప్పుడు చేసినా అంతే వస్తుంది, ఎందుకంటే సీపీఐ మారదనే ఊహతోనే ఆ 460 పుట్టింది. దాన్ని చూసి "ఈఏసీ సాధ్యమే, టీసీపీఐ సరిపోయింది" అని రాస్తే, అద్దంలో మన ముఖం చూసుకుని సాక్షి దొరికాడన్నట్టే.

టీసీపీఐని బీఏసీతోగానీ, విడిగా కట్టిన ఈఏసీతోగానీ మాత్రమే వేయండి. మన 439తో అయితే 240/255, అంటే 0.94. ఇప్పటిదాకా వచ్చిన 0.87 కంటే ఎక్కువే. ఈ తేడా ఎక్కడిది? ఊట నీటి 14 లక్షలు తీసేస్తే ఇప్పటిదాకా సీపీఐ 160/170, అంటే 0.94. రెండూ కలిశాయి. అంటే 439 కోసం కొత్తగా ఏ నైపుణ్యమూ రానక్కర్లేదు, మళ్లీ ఊట తగలకపోతే చాలు. టీసీపీఐ సీపీఐ కంటే 0.10కి మించి పైన ఉండి, అందుకు ఇలాంటి కారణం చూపలేకపోతే ఆ ఈఏసీని వెనక్కి పంపేయడం మంచిది.

లక్షణం: టీసీపీఐ మైనస్‌లోకి వెళ్లింది

మే నెలాఖరు. 9 కిలోమీటర్లు అయ్యాయి, ఈవీ 360. ఏసీ 405. టీసీపీఐ 40ని -5తో భాగించగా -8. ఎక్సెల్ పాడవలేదు. బడ్జెట్ అయిపోయింది, పని ఇంకా ఉంది, అంతే. ఈ దశలో బీఏసీతో టీసీపీఐకి అర్థం లేదు, ఈఏసీతోనే వేయాలి. బీఏసీ B1లో, ఈవీ B2లో, ఏసీ B3లో, ఈఏసీ B4లో ఉంటే:

```
=IF(B3<B1,(B1-B2)/(B1-B3),(B1-B2)/(B4-B3))
```

ఇందులో ఒక చిక్కుంది: ఏసీ బడ్జెట్ దాటిన నెలలో ఈ గడి చెప్పే విషయమే మారిపోతుంది. గ్రాఫులో గీత ఆ నెల తెగినట్టు చూపండి, కలిపేయొద్దు.

పాత 439తో చూస్తే 40/34, అంటే 1.18. ఆఖరి కిలోమీటరు 34 లక్షలకు చేయాలన్నమాట. ఏ కిలోమీటరూ అంతలో కాలేదు. అంటే 439 పాతబడిపోయింది. ఏం తప్పిపోయింది? ఏప్రిల్, మే రెండు నెలల్లో 5 కిలోమీటర్లకు 221 లక్షలయ్యాయి. 42.5 చొప్పున 212.5 అవ్వాల్సింది. ఎక్కువైన 8.5 లక్షలు వెనకబడ్డ ఒక కిలోమీటరును అందుకోవడానికి తెచ్చిన రెండో మిల్లరు, రాత్రి షిఫ్టు కూలీ. మార్చిలోనే ఎస్‌పీఐ 0.80 ఉందని తెలుసు, నీరు వదిలే సమయమూ తెలుసు. ఆ తొందర ఖర్చుకు అప్పుడే ధర కట్టి 439కి కలిపి ఉండాల్సింది. సీపీఐని ఎస్‌పీఐతో గుణించే సూత్రం ఈ ఖర్చునే పట్టుకోవాలని చూసి 529 దాకా ఎగిరింది. పైగా పని ముగిసేసరికి ఎస్‌పీఐ ఎలాగూ ఒకటికి చేరుతుంది కాబట్టి, చివరి నెలల్లో ఆ సూత్రం ఆలస్యాన్ని అసలు చూడదు. రెండో మిల్లరు అద్దె ఎంతో, రాత్రి కూలీ ఎంతో విడిగా రాయడమే నయం.

రాత్రి షిఫ్టు ఆఖరి కిలోమీటరుకూ ఉంటుంది, కాబట్టి దానికి 44 లక్షలు. కొత్త ఈఏసీ 449. టీసీపీఐ 40/44, అంటే 0.91, గత రెండు నెలల సీపీఐ 200/221, అదీ 0.90 దగ్గరే.